చెప్పనన్న మాట

అమలతో వాదనకు దిగి గెలిచినవాళ్ళు ఎమ్మే ఫిలాసఫీ మొదటి ఏడాదిలో ఎవరూ లేరు. విచిత్రమేమిటంటే, ఓడినవాళ్ళంతా మర్నాడు మళ్ళీ ఆమె పక్కనే వచ్చి కూర్చునేవారు. గెలిచాక ఎగతాళి చేయడం ఆమెకు తెలియదు. "నువ్వన్నదాంట్ల గీ ముక్క మాత్రం నిజం" అని, ఓడినవాడి చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టి పంపేది. అలాంటి ముక్కలను ఎక్కువగా పోగేసుకున్నది పద్మశ్రీ.

జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి, తార్నాకలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీలో చదువుకుంటున్న పద్మకు, ఈ మహానగరంలో మొట్టమొదట దొరికిన మనిషి అమలే. అమల వాళ్ళది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. తండ్రి సామేలు వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి బాలలక్ష్మి. ఆదివారం చర్చి అయ్యాక ఆ ఇంట్లో పెట్టే భోజనం కోసం పద్మ శనివారం నుంచే ఆకలి దాచుకునేది. అంతగా కలిసిపోయిన ఇంట్లో పద్మ ఇప్పుడు ఒక రహస్యాన్ని దాచుకుని తిరుగుతోంది. అది అమల తల్లిది. దాచవలసింది అమల దగ్గరే.

బాలలక్ష్మికి చదువు రాదు.

ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదంటే నమ్మడం కష్టమే. పెళ్ళిచూపుల నాడు ఆమె అన్న గట్టయ్య, పిల్ల మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిందని ఒక్క కోత కోశాడు. చదువుకున్న పిల్లే కావాలని పట్టుబట్టిన సామేలు పొంగిపోయాడు. ఆ పొంగు ఇప్పటికీ చల్లారలేదు. "మా ఇంటామె అయిదు చదివింది. ఆ కాలంల అయిదంటే మాటలా" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అన్న కోసిన కోతను చెల్లెలు ఇన్నేళ్ళుగా మోస్తోంది. సంతకం నేర్చుకుంది. విన్న పాట, విన్న వాక్యం ఒక్కసారికే పట్టేసే జ్ఞాపకశక్తి ఆమెది. చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడు, ఒక్కో వారం ఒక్కొక్కరు లేచి వాక్యం చదవాలి. తన వంతు వస్తే బాలలక్ష్మి పుస్తకం తెరిచి, కళ్ళు అందులో పెట్టి, కంఠస్థం వచ్చింది గడగడా ఒప్పజెప్పేసేది. అందరూ చదువుతుందనే అనుకున్నారు. కన్న కూతురు కూడా అదే అనుకుంది.

చలికాలం మొదట్లో ఒక రోజు పద్మ చేతిలో వయోజన విద్య వాచకం చూసింది ఆమె. పద్మ సాయంత్రాలు గోల్నాకలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడానికి వెళ్ళేది. బాలలక్ష్మి గేటు దాకా వెంట వచ్చి, "గీ బుక్కు పెద్దోళ్ళ కోసమేనా బిడ్డా?" అని అడిగింది.

"ఔ ఆంటీ. ఎవరికన్న కావాల్నా?"

"నాకే."

ఆ రెండక్షరాలు అనడానికి ఆమెకు ఎంత గుండె కావలసి వచ్చిందో పద్మకు తర్వాత తెలిసింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు కూరగాయలకని చెప్పి తార్నాక గదికి రావడం మొదలుపెట్టింది. మొదటి రోజే మాట తీసుకుంది. "అమలకు చెప్పొద్దు. ఎన్నడూ చెప్పొద్దని కాదు. చదువు వచ్చినంక నేనే చెప్త."

పద్మ తన నెత్తి మీద చెయ్యి పెట్టుకోబోయింది. బాలలక్ష్మి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "మా చర్చోళ్ళు ఒట్లు పెట్టుకోరు బిడ్డా. ఔనంటే చాలు."

"ఔ ఆంటీ," అంది పద్మ. ఒట్టు కంటే ఆ ఒక్క 'ఔ' బరువుగా అనిపించింది.

అంతా సాఫీగా జరుగుతుండగా కొత్త పాస్టరమ్మ వచ్చింది. ఈమె ఎవరు ఏ వాక్యం చదవాలో తానే చెబుతుంది. బాలలక్ష్మికి ఎన్నడూ వినని భాగం వచ్చింది, నోరు తిరగని పేర్లతో నిండి ఉన్నది. గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే ఒత్తుల దగ్గర తడబడుతున్న మనిషి ఏం చదువుతుంది? "కండ్లు మసకలైతున్నయమ్మా" అని కూర్చుంది. ఆ మసక మాట ఇంటికి చేరింది. అమల ఊరుకునే రకమా? తార్నాకలో కళ్ళద్దాల నరహరి దుకాణానికి వెళ్ళి మాట్లాడింది. బుధవారం సాయంత్రం పరీక్ష ఖాయం చేసుకుని వచ్చింది. అమ్మకు చూపు తగ్గుతుంటే ఇన్నాళ్ళూ గమనించలేదని ఒకటే బాధపడింది.

కళ్ళద్దాల దుకాణంలో ఏం చేస్తారో పద్మకు తెలుసు. అక్కడ గోడకు అక్షరాల పెట్టె ఉంటుంది. ఒక్కో అక్షరం చదవమంటారు. ఆ తర్వాత చేతికి అట్ట ఇచ్చి వాక్యాలు చదవమంటారు. కూతురు పక్కనే నిలబడి ఉంటుంది. ఆమె తడబడితే చూపు లేదనుకుని అక్కరలేని అద్దాలు అంటగడతారు. లేదంటే అసలు సంగతి అందరి ముందూ బయటపడుతుంది. ఒక్క ముక్క అమల చెవిలో వేస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. ఆ ఒక్క ముక్కే చెప్పనని మాట ఇచ్చి కూర్చుంది.

కాలం కలిసివచ్చిందనాలో, వెక్కిరించిందనాలో గానీ, ఆ వారమే ఇన్నయ్య సారు శనివారం సెమినార్‌కు విషయం ఇచ్చాడు. చిన్న నష్టం తప్పించడానికి ఇచ్చిన మాట తప్పవచ్చా? తప్పవచ్చని పద్మ మాట్లాడాలి. తప్పకూడదని అమల.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, నీడ పడిన వైపు కూర్చున్నారు. మధ్యలో కాగితంలో రెండు సమోసాలు.

"నువ్వే మొదలుపెట్టు," అంది అమల.

పద్మ గొంతు సవరించుకుంది. "మాట ఎందుకిస్తం? అవతలి మనిషికి మంచి జరగాలనే కదా. నిలబెట్టుకుంటే ఎంత నష్టం, తప్పితే ఎంత నష్టం, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలె. ఏది తక్కువైతే అది చెయ్యాలె. మాటనే పట్టుకొని ఏలాడుడు ఎందుకు?"

"మంచిగున్నది. ఇప్పుడు నేను నీకు మాటిచ్చిన అనుకో, రేపు పొద్దున తార్నాక చౌరస్తాల కలుస్త అని. తెల్లారింది. నువ్వు నిలబడితే నీ కాళ్ళు కొంచెం నొస్తయ్. నేను పండుకుంటే నాకు అంతకంటే కొంచెం ఎక్కువ సుఖం. నీ లెక్క ప్రకారం పండుకునుడే కరెక్టు. నేను రాలే. ఏమంటవ్?"

"తిడ్త."

"ఎందుకు తిడ్తవ్? లెక్క నీదే." అమల సమోసా విరిచి పెద్ద ముక్క పద్మ వైపు జరిపింది. "చూడు, మాటియ్యక ముందు కూడా నేను గదే లెక్క చేస్తుంటి, రావాల్నా పండుకోవాల్నా అని. మాటిచ్చినంక కూడా మళ్ళ గదే లెక్క చేస్తే, ఆ మాట ఏం పని చేసినట్టు? మాటిచ్చుడు అంటేనే, ఇగ దీని మీద నేను మళ్ళ బేరమాడ అని చెప్పుడు. అందుకే నువ్వు నిమ్మళంగ వచ్చి చౌరస్తాల నిలబడ్డవ్."

పద్మ సమోసా ముక్క కొరికింది. "అయితే నమ్మకాన్ని కూడా లెక్కల కలుపుత. నువ్వు రాకపోతే నీ మీద నా నమ్మకం పోతది. అది పెద్ద నష్టం. అందుకే నువ్వు రావాలె. ఇప్పుడు నా లెక్కనే గెలిచింది."

"జ్వరమొచ్చిందని చెప్పి తప్పించుకుంట. నీ నమ్మకం ఎక్కడికీ పోదు. ఇప్పుడు రాకున్నా సరేనా?"

పద్మ అడ్డంగా తల ఊపింది.

"నమ్మకం పోతదని కాదు తప్పు," అంది అమల. "నువ్వు నమ్మి నీ పొద్దంత నా మీద పెట్టినవ్. దాన్ని నేను నా ఇష్టమొచ్చినట్టు వాడుకున్న. నీకు తెల్వకున్నా అది జరిగిందే కదా."

ఇలాంటప్పుడు అమల ముఖం చూడాలని ఉండేది పద్మకు. గెలుపు కోసం వెతుకుతున్నట్టు ఉండదు. పోయిన వస్తువును ఓపికగా వెతుకుతున్నట్టు ఉంటుంది. ఈ పిల్ల దగ్గర దాపరికమా అని లోపల ఒక్కటే గిలి.

"మరి తోవల ఎవరన్న బస్సు కింద పడితే? వాళ్ళను ఇడిచిపెట్టి చౌరస్తాకు ఉరుకుతవా?"

"ఉరక. వాళ్ళను గాంధీ దవాఖానకు తీస్కపోత. నువ్వు ఆడ ఉంటే నువ్వే పో అంటవ్. కాని తర్వాత వచ్చి నీకు సారీ చెప్త. నేను తప్పు చెయ్యలే, అయినా చెప్త. నువ్వు ఎండల నిలబడ్డది అబద్ధం కాదు కదా. మాట పక్కకు పెట్టాల్సి వచ్చినా అది మాయమైపోదు." వేళ్ళకంటిన నూనె కాగితానికి తుడుచుకుంది. "సారు ఊకెనే చిన్న నష్టం అని పెట్టలే. పెద్దదానికి అందరం ఒప్పుకుంటం. చిక్కంత చిన్నదాంట్లనే. చిన్నదానికల్ల పక్కకు పెడితే, పెద్దది వచ్చేదాక ఆ మాట బతికుండదు."

"ఎంతయితే చిన్న, ఎంతయితే పెద్ద? ఎవరు కొలుస్తరు?"

"గది మంచి ప్రశ్న. నా దగ్గర తూకం లేదు. సెమినార్ల గట్టిగ పట్టుకో. నేను ఇరుకున పడ్త."

ఓడిస్తూ కూడా ఆయుధం అందించే మనిషిని ఏమనాలి? పద్మ నవ్వింది. సాయంత్రం దగ్గర పడుతోంది. ఇక ఆగలేక అసలు దాని మీదికి వచ్చింది.

"ఇంకో తీరు చెప్త విను. ఒకామె ఉన్నది. సైకిలు తొక్కుడు రాదు. కాని వచ్చని ఇంట్ల అందరూ అనుకుంటరు. ఆమె చాటుగ నేర్చుకుంటున్నది. నేర్పేటామె దగ్గర ఎవ్వరికీ చెప్పొద్దని మాట తీసుకున్నది. ఇంతల ఇంటోళ్ళు ఆమె మీద ప్రేమతోని సైకిలు కొంటున్నరు. ఇయ్యాల దుకాణంల ఎక్కి చూడమంటరు. పడి దెబ్బ తాకదు. కొంచెం సిగ్గు పోతది. అంతే, చిన్న నష్టం. నేర్పేటామె ఇంటోళ్ళకు ఒక్క మాట చెప్తే అది కూడా ఉండదు. అదీగాక, మాట తీసుకున్నదే సిగ్గు కాకూడదని. అసలు పనే పాడైతున్నప్పుడు మాట పట్టుకుని ఏం లాభం? చెప్పొచ్చా, చెప్పొద్దా?"

సాధారణంగా పద్మ వాక్యం ముగియకముందే అందుకునే అమల, కాగితాన్ని మడుస్తూ కూర్చుంది.

"సిగ్గు ఎవరిది?" అంది చివరికి.

"ఆమెదే."

"మాట తీసుకున్నది?"

"ఆమెనే."

"అయితే నష్టం బయటోళ్ళకు కాదు. ఆమె మాట వల్ల ఆమెకు వచ్చేది. అది భరించాల్నో వద్దో చెప్పేది ఆమె. బయటోళ్ళకు దెబ్బ తాకుతదంటే వేరే ముచ్చట, వాళ్ళు ఏ మాటకూ ఒప్పుకోలే కదా." అమల గొంతు తగ్గింది. "మాట తీసుకున్న మనిషికే దాన్ని ఇడిచిపెట్టే హక్కు ఉంటది. ఆమె కండ్ల ముందర ఉన్నప్పుడు నేర్పేటామె ఎందుకు లోపల్లోపల కొట్టుకునుడు? పోయి అడగాలె. నన్ను మాట నుంచి ఇడువు అని."

"అడిగే టైము లేకుంటే?"

"అప్పుడు ఆమె ఏమంటదో ఊహించాలె. ఆమెకు ఏది మంచిది అని కాదు, ఆమె ఏమంటది అని. రెండూ ఒక్కటి కావు. ఇంకోటి. సిగ్గు కోసమే మాట తీసుకున్నదని నేర్పేటామెకు ఎవరు చెప్పిన్రు?"

పద్మ తడుముకుంది. ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది. అయినా ఆ క్షణంలో ఇవన్నీ మాటలుగానే తోచాయి. నాలుగు వీధుల అవతల దుకాణంలో అక్షరాల పెట్టె వెలుగుతూ ఉంటుంది. "అమలా, అసలు సంగతేందంటే..." అని మొదలుపెట్టింది.

అమల అరచెయ్యి ఎత్తి ఆపింది. "సైకిలామె ఎవరని నేను అడుగుతలేను. నువ్వు చెప్పొద్దు. సెమినార్‌కు శనివారం దాక టైమున్నది. అడిగే పనికి టైము తక్కువున్నట్టున్నది." లేచి పైట దులుపుకుంది. "నేను నాలుగు దాటేదాక లైబ్రరీల ఉంట. ఇంటికి పోను."

వాదనలో ఇంత మెల్లగా ఎవరూ ఎవరినీ తోవ చూపించి పంపరు. పద్మ అప్పుడది గ్రహించే స్థితిలో లేదు. బస్సు కోసం పరుగెత్తింది.

లాలాగూడ క్వార్టర్స్‌లో బాలలక్ష్మి చాటలో బియ్యం ఏరుతోంది. సామేలు డ్యూటీలో ఉన్నాడు. పద్మ చెప్పులు విడిచి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. అక్షరాల పెట్టె, చేతికిచ్చే అట్ట, పక్కన నిలబడే అమల. "ఆంటీ, నన్ను మాట నుంచి ఇడువు. పరీక్ష వద్దని నేనే అమలకు చెప్త. ఆమె ఏమీ అనదు. నీకు తెల్సు కదా."

బాలలక్ష్మి చేతి కింద బియ్యం ఆగలేదు. "తెల్సు."

"మరి?"

"ఇడువను బిడ్డా."

"అందరి ముంగట సిగ్గైతది ఆంటీ."

"అయితే అయితది. అది నా సిగ్గు. నువ్వెందుకు మోస్తవ్?" ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "పోను అంటే ఎందుకని అడుగుతది. ఇంకో అబద్ధం చెప్పాలె. కండ్లు మసకలని నేనే అన్న కదా, దాని సంగతి నేనే చూస్త. నువ్వు మాత్రం పక్కనుండు. నోరు ఇప్పకు."

పద్మకు కోపం వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇంత మొండి మనిషి కడుపున అమల కాక ఇంకెవరు పుడతారు అనుకుంది. అడగడానికే వచ్చింది, అడిగింది, జవాబు దొరికింది. మాట ఇప్పుడు మునుపటికంటే గట్టిపడింది.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ నరహరి దుకాణంలో ఉన్నారు. పొడుగాటి గది. ఒక కొసన కుర్చీ, మరో కొసన గోడకు వెలుగుతున్న పెట్టె. దాని మీద తెలుగు అక్షరాలు, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. బాలలక్ష్మిని కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టాడు నరహరి. ఒక కంటికి నల్ల బిళ్ళ తగిలించాడు. రోజూ అందరినీ అడిగినట్టే, అలవాటుగా అడిగాడు.

"చదువొస్తదా అమ్మా? రాదంటే వేరే అట్ట పెడ్త. దువ్వెన బొమ్మ ఉంటది, దాని పండ్లు ఎటు దిక్కున్నయో వేలుతోని చూపిస్తే చాలు."

పద్మ ఊహించుకున్న భయాలలో ఈ ప్రశ్న లేనే లేదు. ఇంత సూటిగా, ఇంత మామూలుగా వస్తుందని అనుకోలేదు. "వస్తది" అంటే పాత అబద్ధం. "రాదు" అంటే ఇన్ని వారాల కష్టం అబద్ధం. పద్మ అమల వైపు చూసింది. తల్లి తరఫున టక్కున జవాబు చెప్పడం అమలకు రెండు క్షణాల పని, ఐదో తరగతి అని. అమల చెప్పలేదు. బయట తార్నాక రోడ్డు మీద వెళ్తున్న ఆటోలను లెక్కపెడుతున్నంత శ్రద్ధగా అటు తిరిగి నిలబడింది.

"ఇదివరకు రాకుండె," అంది బాలలక్ష్మి. "ఇప్పుడు నేర్చుకుంటున్న. అక్షరాల పెట్టెనే ఉంచుండ్రి."

నరహరికి ఇదేమీ పెద్ద విషయం కాదు. "సరే, పైనుంచి చదువుండ్రి," అన్నాడు.

బాలలక్ష్మి ముఖం కందిపోయింది. ఫ్రేము కింద నుంచి ఒక బొట్టు జారి గడ్డం దాకా వచ్చింది. చిన్న నష్టం అని మధ్యాహ్నం మెట్ల మీద తాను తేలిగ్గా అన్న నష్టం అదే. అది చిన్నదేమీ కాదని పద్మకు అప్పుడు తెలిసింది. తుడవడానికి చెయ్యి లేవబోయి ఆగింది.

"గ," అంది బాలలక్ష్మి. "ర. ల. మ." కింది వరస. "చ. ద. ట." ఒక దగ్గర నిలిచింది. 'ప'కూ 'ష'కూ మధ్య ఆమె ఎప్పుడూ చిక్కుకుంటుంది. "కడుపుల గీత ఉన్నది. ష," అంది. అట్లాగే అడుగు వరస దాకా దిగింది. రెండో కన్ను మూస్తే మళ్ళీ దిగింది.

"దూరం చూపు బ్రహ్మాండం," అన్నాడు నరహరి. చేతికి అట్ట ఇచ్చాడు. "ఇప్పుడిది."

అట్ట మీద వాక్యాలు. బాలలక్ష్మి దాన్ని ముందుకు, వెనక్కు జరిపింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కింది వరసల్లో ఆగిపోయింది. ఒత్తులనుకుంది పద్మ. నరహరి ఫ్రేములో ఒక సన్నటి అద్దం వేశాడు. ఆమె మళ్ళీ చూసింది, ముఖం విప్పారింది. ఆగిపోయిన చోటు నుంచే మెల్లగా, ముక్క ముక్కగా, వాక్యం చివరి దాకా చదివింది.

"దగ్గరికి చిన్న నంబరు పడ్డదమ్మా. ఈ వయసుకు అందరికీ పడేదే. ఇన్ని రోజులు ఈ సన్నక్షరాలతోని ఎట్ల నేర్చుకున్నరో ఏమో."

పద్మకు తల దించుకోవాలనిపించింది. ఒత్తులు రావడం లేదని వారాల తరబడి మళ్ళీ మళ్ళీ దిద్దించింది. సగం తప్పు కళ్ళది. మధ్యాహ్నం తన లెక్క ప్రకారం ఈ పరీక్ష ఆపించి ఉంటే, ఆ కళ్ళు ఇంకెన్నాళ్ళు అట్లాగే తిప్పలు పడేవో.

బయటికి వచ్చాక ముగ్గురూ ఇంటి దారి పట్టారు. పూల బండి దగ్గర అమల ఆగింది.

"నాకెందుకు చెప్పలే అమ్మా? నవ్వుతననుకున్నవా?" అంది. వాదించే గొంతు కాదు అది. చిన్నపిల్ల గొంతు.

"నువ్వు నవ్వవు. నాకు తెల్వదా?" బాలలక్ష్మి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "నీకు చెప్తే నువ్వే చదివి పెడ్తవ్. వాక్యం చదువుతవ్, పేపరు చదువుతవ్, బస్సు బోర్డు కూడ చదివి చెప్తవ్. నన్ను కూసోబెట్టి అన్నీ చేసి పెడ్తవ్. ఇగ నేను ఎప్పటికీ నేర్చుకోను. నీ ప్రేమకే భయపడ్డ బిడ్డా, నీ నవ్వుకు కాదు."

అమల భుజం మీది ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మాట తీసుకున్నది సిగ్గు దాచుకోవడానికని గట్టిగా నమ్మి, ఆ నమ్మకం మీదే పద్మ మాట తప్పబోయింది. తప్పి ఉంటే పాడయ్యేది బాలలక్ష్మి పరువు కాదు, చదువు. మెట్ల మీద చెయ్యి ఎత్తి ఆపిన అమలకు, చాట దించకుండా 'ఇడువను' అన్న తల్లికి పద్మ లోలోపలే దండం పెట్టుకుంది.

బాలలక్ష్మి పూలు బేరమాడుతుంటే పద్మ గుసగుసగా అడిగింది. "నీకు మెట్ల మీదనే తెల్సిందా?"

"సగం. మార్కెట్టుకు పోయి ఒక్క కొత్తిమీర కట్టతోని పొద్దుగూకినంక వచ్చేటోళ్ళు మా ఇంట్ల ఇంకెవరున్నరు?"

"మరి అడగకపోతివి."

"మాట ఇచ్చింది నువ్వు. కాని నేను గుచ్చి గుచ్చి అడిగితే తప్పించేది నేను కదా. దాన్ని నేను కూడా కాపాడాలె." అమల ముక్కు తుడుచుకుంది. "బాధ మాత్రం అయింది. అది కూడా రాసుకో."

బాలలక్ష్మి మూడు మూరల పూలతో వెనక్కి తిరిగింది. "మీ నాయినకు మాత్రం ఎవ్వరూ చెప్పొద్దు. క్రిస్మస్ నాడు చర్చిల లేసి కొత్త వాక్యం చదివి, ఆ తర్వాత నేనే చెప్త. ఇద్దరికీ చెప్తున్న."

అమల చెయ్యి తల మీదికి వెళ్ళబోయింది. తల్లి చూపు చూసి దించుకుంది.

"ఔ," అంది అమల.

"ఔ ఆంటీ," అంది పద్మ.

శనివారం సెమినార్ గది నిండింది. అమల చౌరస్తా సంగతి చెప్పింది, బస్సు కింద పడ్డ మనిషి సంగతి చెప్పింది. మాటను విడిచిపెట్టే హక్కు తీసుకున్నవాళ్ళదే అని చెప్పింది. పద్మ లేచి, కొలత ఎక్కడుందని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, తన పక్షాన ఇంక చెప్పడానికి ఏమీ లేదని కూర్చుంది. ఇన్నయ్య సారుకు ఆశ్చర్యం వేసింది.

"ఇదంతా పుస్తకాల మాట. చిన్న నష్టానికి కూడా మాట తప్పకుండా నిలబడి, అదే మేలైందనడానికి నిజంగ జరిగిన ఉదాహరణ ఒక్కటన్న ఉన్నదా?"

అమల పద్మ వైపు చూసింది. పద్మ అమల వైపు చూసింది.

"ఉన్నది సార్," అంది అమల. "కాని చెప్పనని ఇద్దరం మాటిచ్చినం."

గది అంతా గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. పద్మ మాత్రం నవ్వలేదు, తల ఊపి, ఔ అంది.